ఫైల్ పేరు సరైనదే, లోపల లోడు వేరేది: ఒక ప్యాకింగ్ లిస్టు మెయిల్ కేస్ స్టడీ

చీమకుర్తి నుంచి విదేశాలకు వెళ్లే గెలాక్సీ గ్రానైట్ స్లాబులకు ప్యాకింగ్ లిస్టు ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. డిస్పాచ్ చూసే మనిషి లోడింగ్ దగ్గర నిలబడి ఏ బండిల్‌లో ఎన్ని స్లాబులున్నాయి, ఒక్కో దాని కొలత ఎంత అని కాగితం మీద రాసుకుంటాడు. తర్వాత ఆఫీసు రూములో కూర్చుని దాన్ని ఎక్సెల్‌లో ఎక్కిస్తాడు. ఆ ఫైల్ ఒంగోలులో డాక్యుమెంటేషన్ చూసే మా టేబుల్‌కు మెయిల్‌లో వస్తుంది. దాన్ని పట్టుకునే ఇన్వాయిస్, కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లు, చివరికి ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ అన్నీ నడుస్తాయి. అందుకని ఇక్కడ ఒక ఫైల్ బదులు ఇంకో ఫైల్ వస్తే ఆ తప్పు మూడు నాలుగు కాగితాల్లోకి పాకుతుంది.

ఈ కేసు అలాంటి ఒక ఫైల్ గురించి, సరైనది పంపమని మేం రాసిన జవాబు గురించి. ఫైల్ పేర్లు, నంబర్లు మార్చాను. జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

లోడు 2 సెంటీమీటర్ల మందం పాలిష్ స్లాబులు. మొత్తం 8 బండిళ్లు, 80 స్లాబులు. ఎగుమతిలో స్లాబు పూర్తి సైజులోంచి అంచుల కోసం కొన్ని సెంటీమీటర్లు వదిలేసి నెట్ సైజు లెక్క కడతారు. ఆ లెక్కన మొత్తం 413 చదరపు మీటర్లు రావాలి. కంటైనర్ ఫ్యాక్టరీలోనే నింపి చెన్నై పోర్టుకు పంపాలి. ఆ రోజు సాయంత్రం 4 గంటల్లోపు కస్టమ్స్ ఏజెంటుకు లిస్టు అందితే, అతను షిప్పింగ్ బిల్లు వేస్తాడు.

ఉదయం 11 గంటలకు డిస్పాచ్ అన్న దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. జత చేసిన ఫైల్ పేరు `PL_C214_2CM.xlsx`. కాపీలో కస్టమ్స్ ఏజెంటు కూడా ఉన్నాడు. మా టేబుల్ మీద కొత్తగా చేరిన అమ్మాయి ఫైల్ తెరిచింది. మందం దగ్గర 3 సెం.మీ. అని ఉంది, బండిళ్లు 6, స్లాబులు 54, మొత్తం 279 చదరపు మీటర్లు. ఇది అంతకుముందు వారం ఇంకో బయ్యర్‌కు వెళ్లిన లోడు. ఆ అమ్మాయి దాన్ని పట్టుకోవడం నిజంగా మెచ్చుకోదగ్గ విషయం, ఎందుకంటే మా దగ్గర ఎక్కువమంది బరువు చూసి సరే అనేస్తారు.

బరువు ఇక్కడ ఎందుకు పనికిరాదో కొంచెం చెప్పాలి. గెలాక్సీ రాయి ఘనమీటరుకు దాదాపు 2.9 నుంచి 3 టన్నులు తూగుతుంది. 2 సెం.మీ. స్లాబు చదరపు మీటరుకు సుమారు 60 కిలోలు, 3 సెం.మీ.ది సుమారు 90 కిలోలు. 413ను 60తో గుణించినా, 279ని 90తో గుణించినా 25 టన్నుల దరిదాపుల్లోనే తేలుతుంది. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. రాయి లోడులో 20 అడుగుల కంటైనర్‌కు జాగా మిగిలి ఉండగానే బరువు పరిమితి అయిపోతుంది, కాబట్టి ఏ మందమైనా ఆ పరిమితి దాకానే నింపుతారు. 2016 జులై నుంచి ప్రతి కంటైనర్‌కూ తూకం వేసి చూపించడం తప్పనిసరి అయింది గానీ, ఆ తూకం కూడా ఈ తప్పును పట్టదు. పట్టించేవి స్లాబుల సంఖ్య, చదరపు మీటర్లే.

ఆ అమ్మాయి వెంటనే జవాబు కొట్టింది:

"సర్, మీరు తప్పు ఫైల్ పంపారు. దయచేసి సరైన ఫైల్ వెంటనే పంపగలరు."

నలభై నిమిషాల్లో జవాబు వచ్చింది. "సరైన ఫైలే పంపానమ్మా, మళ్లీ పంపుతున్నా చూడు." జత చేసింది మళ్లీ `PL_C214_2CM.xlsx`. తెరిస్తే అవే 54 స్లాబులు.

ఈ కేసులో చూడాల్సింది ఇదే. మొదటి జవాబులో మర్యాద మాటలకు లోటు లేదు, సర్ ఉంది, దయచేసి ఉంది. అయినా అవతలి మనిషికి మనసు చివుక్కుమంది, పని కూడా కాలేదు. రెండింటికీ కారణం ఒకటే. అందులో అతను చేశాడన్న తప్పు ఉంది కానీ, ఆ తప్పేమిటో కనుక్కోవడానికి కావలసిన సమాచారం లేదు. ఏ ఫైల్ వచ్చింది, లోపల ఏముంది, ఏం కావాలి, ఒక్కటీ లేదు. అతను తన సెంట్ బాక్స్ తెరిచి చూసుకున్నాడు. ఫైల్ పేరులో కంటైనర్ నంబరు సరిగ్గా ఉంది, 2 సెం.మీ. అనీ ఉంది. ఇరవయ్యేళ్లుగా లోడింగ్ చూస్తున్న మనిషి, నిన్న మొన్న వచ్చిన పిల్ల తప్పు అంటోంది. ఎవరైనా అదే ఫైల్ మళ్లీ పంపుతారు.

ఇంకో చిన్న సంగతి కూడా అతనికి అడ్డం పడింది. మెయిల్‌లో `Reply` నొక్కితే మనకు వచ్చిన అటాచ్‌మెంట్ ఆ జవాబుతో తిరిగి వెళ్లదు, `Forward` చేస్తేనే వెళ్తుంది. అంటే అతను మన జవాబు చదివేటప్పుడు తాను పంపిన ఫైల్ కళ్లముందు ఉండదు. ఫ్యాక్టరీలో ఎండలో నిలబడి ఫోనులో చదువుతున్న మనిషి పాత మెయిల్‌కు వెనక్కి వెళ్లి, ఫైల్ దించుకుని, ఆ చిన్న స్క్రీన్ మీద ఎక్సెల్ తెరిచి చూస్తాడనుకోవడం అత్యాశ. లోపల కనిపించిందేదో మనమే రాయాలి.

మధ్యాహ్నం 12 దాటాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. జవాబు రాసే ముందు రెండు పనులు చేశాం.

ముందు ఫైల్‌లో మిగతా షీట్లు చూశాం. ఎక్సెల్ ఫైల్‌ను చివరిసారి ఏ షీటు మీద ఉండగా సేవ్ చేస్తే, తెరిచినప్పుడు ఆ షీటే ఎదురుగా వస్తుంది. డిస్పాచ్ వాళ్లు ఒక్కోసారి ఒకే ఫైల్‌లో నాలుగైదు లోడ్లు వేరువేరు షీట్లలో పెడతారు. అలాంటప్పుడు కావలసింది రెండో షీటులోనే ఉంటుంది, ఫైల్ తప్పని మనం రాస్తే పరువు పోయేది మనదే. కింద ట్యాబులు, దాచిపెట్టిన షీట్లతో సహా చూశాం. ఇందులో లేదు.

రెండోది ఏజెంటుకు ఫోను. అతనికి ఈ ఫైల్ కాపీలో వెళ్లింది. అతను చెక్‌లిస్టు తయారు చేసి బిల్లు వేసేస్తే, తర్వాత కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణకు దరఖాస్తు పెట్టుకోవాలి. అది జరిగే పనే గానీ ఆ లోపు కంటైనర్ పోర్టులో కూర్చుంటుంది. "పొద్దున వచ్చిన లిస్టు వాడొద్దు, సవరించింది మధ్యాహ్నానికి వస్తుంది" అని చెప్పాం. ఎవరు పంపారు, ఎలా జరిగింది అన్నవి అతనికి అక్కర్లేదు. అందుకే `Reply all` కొట్టలేదు. బయటివాళ్లకు తప్పు ఫైల్ వెళ్లినప్పుడు వాళ్లను ఆపడం అవసరమే, కానీ మన అన్నకు రాసే జవాబును వాళ్ల ముందు పరచాల్సిన పని లేదు. సరైన లిస్టును అందరికీ అతని చేతే పంపించడం మేలు. పేరు అతనిది, సవరణ కూడా అతని నుంచే వెళ్తే బయటివాళ్లకు అది మామూలు విషయంలానే కనిపిస్తుంది.

తర్వాత ఈ జవాబు రాయించాను. మెయిల్ సబ్జెక్టు మార్చలేదు. మారిస్తే జీమెయిల్ దాన్ని వేరే సంభాషణగా విడదీస్తుంది, రేపు ఎవరైనా వెతికితే సగమే దొరుకుతుంది.

"అన్నా, నమస్తే.

రెండు మెయిళ్లూ అందాయి. `PL_C214_2CM.xlsx` ఫైల్ పేరు సరిగానే ఉంది. తెరిస్తే మాత్రం లోపల పోయిన వారం 3 సెం.మీ. లోడు కనిపిస్తోంది: 6 బండిళ్లు, 54 స్లాబులు, 279 చ.మీ. మిగతా షీట్లలో కూడా వెతికాం, 2 సెం.మీ. వివరాలు కనపడలేదు. సేవ్ చేసేటప్పుడు వేరే పేరుతో పడిందేమో ఒకసారి చూస్తారా?

మాకు కావలసింది నిన్న సాయంత్రం లోడైన 8 బండిళ్లు, 80 స్లాబుల లిస్టు. బండిల్ నంబర్లు 31 నుంచి 38 వరకు. మొత్తం 413 చ.మీ. దగ్గర రావాలి.

ఏజెంటుకు 4 గంటల్లోపు ఇవ్వాలి. మీరు 3 గంటలకల్లా నాకు పంపితే టోటల్ సరిచూసి చెప్తాను, అప్పుడు మీరే అందరికీ పంపేయొచ్చు. ఫైల్ పేరు చివర R1 అని పెట్టండి, పాతదానితో కలిసిపోకుండా ఉంటుంది.

ఉదయం పంపిన లిస్టు వాడొద్దని ఏజెంటుకు ఫోన్లో చెప్పాం, దాని గురించి టెన్షన్ వద్దు. సిస్టమ్ దగ్గర లేకపోతే మీరు రాసుకున్న లోడింగ్ షీటు ఫోటో వాట్సాప్ చేయండి, ఇక్కడ టైప్ చేయిస్తాం."

ఇందులో ఎక్కడా "మీరు తప్పు పంపారు" లేదు. అలాగని చుట్టూ తిప్పి చెప్పిందీ లేదు. ఫైల్ గురించి చెప్పాల్సింది ఫైల్ మీదే పెట్టి చెప్పాం: పేరు ఇది, లోపల ఉన్నది ఇది. కొందరు ఇలాంటి చోట "నాకే సరిగా తెరుచుకోలేదేమో" అని నేరం తమ మీద వేసుకుంటారు. వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ పని చెడగొడుతుంది. అది చదివిన మనిషి మన కంప్యూటర్ బాలేదనుకుని అదే ఫైల్ పీడీఎఫ్ చేసి మళ్లీ పంపిస్తాడు. తెరిచి చూశాం, ఇది కనిపించింది అని నిక్కచ్చిగా చెప్పడంలో అమర్యాద ఏమీ లేదు.

పాత లోడు అంకెలు, కావలసిన లోడు అంకెలు రెండూ రాయడం కావాలనే చేశాం. 6, 54, 279 చూడగానే అది ఏ లోడో డిస్పాచ్ మనిషికి కాగితం తీయకుండానే తెలుస్తుంది, అది అతని చేతుల మీదుగా వెళ్లిన సరుకు. 31 నుంచి 38 అన్న బండిల్ నంబర్లు చెక్క ఫ్రేముల మీద పెయింటుతో రాసినవి, అవి అతనికి కంఠతా ఉంటాయి. కంటైనర్ నంబరు ఒక్కటే రాసి ఊరుకుంటే ఈ పని జరగదు. ఫైల్ పేరులో ఉన్నది సరైన నంబరే కదా, అతను మోసపోయింది అక్కడే.

సమయం దగ్గర "వెంటనే" అనే మాట తీసేయించాను. వెంటనే అంటే ఫ్యాక్టరీలో ఒక అర్థం, ఆఫీసులో ఇంకో అర్థం. 4 గంటలకు ఏజెంటు, అందుకని 3 గంటలకు మనకు అంటే, తొందర ఎవరిదో ఎందుకో అర్థమవుతుంది. పెత్తనంలా కూడా అనిపించదు. చివర్లో ఫోటో మాట అన్నింటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. కరెంటు పోయి ఉండొచ్చు, అతను క్రేన్ దగ్గర ఇరుక్కుని ఉండొచ్చు. రూముకు వెళ్లే వీలు లేని మనిషికి ఒక దారి చూపించకపోతే మెయిల్ చదివి ఊరుకుంటాడు.

అరగంటలో ఫోన్ చేశాడు. నవ్వుతూనే చెప్పాడు ఏం జరిగిందో. కొత్త లోడు వచ్చినప్పుడల్లా పాత ఫైల్‌ను కాపీ చేసి పేరు మార్చి, అందులో కొత్త వివరాలు కొట్టడం అతని అలవాటు. ఆ రోజు కాపీ చేశాడు, పేరు మార్చాడు. టీ తాగి వచ్చి ఎక్సెల్ తెరిచి, `Recent` జాబితాలో పైనున్న ఫైల్ మీద నొక్కాడు. అది పేరు మార్చిన కాపీ కాదు, అసలు పాత ఫైల్. పేరు మార్చినదాన్ని ఎక్సెల్‌లో ఇంకా తెరవలేదు కాబట్టి అది ఆ జాబితాలో ఉండదు. 80 స్లాబులూ పాత ఫైల్‌లో కొట్టి సేవ్ చేశాడు. దాంతో కొత్త పేరున్న ఫైల్‌లో పాత లోడు, పాత పేరున్న ఫైల్‌లో కొత్త లోడు ఉండిపోయాయి. మెయిల్‌లో పేరు చూసి జత చేశాడు.

"వేరే పేరుతో పడిందేమో" అన్న వాక్యం అతన్ని ఆ పాత ఫైల్ దగ్గరికి తీసుకెళ్లింది. అలాంటి ఊహ రాయాలంటే ఆధారం ఉండాలి. ఇక్కడ ఆధారం ఏమిటంటే, పేరుకూ లోపలి సరుకుకూ పొంతన లేకపోవడం. జత చేసేటప్పుడు పక్క ఫైల్ మీద వేలు పడితే పేరు కూడా పక్కదానిదే వస్తుంది. పేరు సరిగ్గా ఉండి సరుకు వేరేదైతే గొడవ సేవ్ చేసే దగ్గరే జరిగి ఉంటుంది. మొదటి రకంలో "`PL_C209_3CM.xlsx` వచ్చింది, C214 కావాలి" అంటే చాలు, ఇంత జవాబు అక్కర్లేదు.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడింది. 3 సెం.మీ. లోడు అసలు ఫైల్ మీద కొత్త వివరాలు ఎక్కేశాయి కదా, ఆ కంప్యూటర్‌లో పాత లిస్టు మిగిలింది మాకు పొరపాటున వచ్చిన ఆ ఫైల్ రూపంలోనే. పోయిన వారం మెయిళ్లలో వెతికితే దొరికేదే అనుకోండి, అయినా తప్పు ఫైల్ రాగానే "డిలీట్ చేసేశాను" అని గొప్పగా రాసే అలవాటు మంచిది కాదని నేను అందుకే అంటాను. పంపినవాళ్లను అడిగాక తీసేయాలి. జీతాల షీటు, వేరే బయ్యర్ రేట్లు లాంటివి వస్తే మాత్రం లెక్క వేరు. అది ఏమిటో తెలిసిన వెంటనే మూసేసి, మెయిల్ కన్నా ముందు ఫోన్ చేసి, వాళ్లు సరే అనగానే డౌన్‌లోడ్స్‌లో కాపీతో సహా తీసేయాలి. అప్పుడు రాసే జవాబులో లోపల ఏముందో వివరాలు రాయకూడదు, "వేరే డిపార్ట్‌మెంట్ ఫైల్ వచ్చింది" అంటే చాలు. ఆ జవాబు కూడా రేపు ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారు.

రెండు గంటలకు `PL_C214_2CM_R1.xlsx` వచ్చింది. వచ్చింది కదా అని థాంక్స్ కొట్టేయకుండా తెరిచి చూడమన్నాను. 8 బండిళ్లు, 80 స్లాబులు ఉన్నాయి, 413.00 చ.మీ. సరిపోయింది. కానీ పైన హెడింగ్‌లో బయ్యర్ పేరు పాత లోడుదే ఉండిపోయింది. పాత ఫైల్ మీద కొత్తది కొడితే ఇలాంటివి మిగులుతాయి. ఇంత చిన్నదానికి మళ్లీ మెయిల్ ఎందుకని ఆ అమ్మాయి తనే మార్చబోయింది, వద్దన్నాను. అతని దగ్గర ఒక రకం, మన దగ్గర ఒక రకం ఉంటే రేపు బయ్యర్ అడిగినప్పుడు ఏది అసలుదో చెప్పలేం. ఫోన్ చేసి చెప్తే అతనే రెండు నిమిషాల్లో మార్చి R2 పంపాడు. అప్పుడు ఇలా రాసింది:

"అన్నా, R2 అందింది. 8 బండిళ్లు, 80 స్లాబులు, 413 చ.మీ., బయ్యర్ పేరు అన్నీ సరిపోయాయి. దీన్నే అందరికీ పంపేయండి. థాంక్యూ అన్నా."

సర్ పోయి అన్న అయింది, అది ఆ అమ్మాయి సొంతంగా రాసిందే. అన్న అని పిలవడం అన్నిచోట్లా కుదరదు. చెన్నైలో ఉండే లైనర్ ఏజెంట్లకు, పరిచయం లేని పెద్దవాళ్లకు గారు అనే రాయాలి. రోజూ ఫోన్లో అన్నా అని పిలిచే మనిషికి తప్పు దొరికిన రోజు మాత్రం సర్ అని మెయిల్ పెడితే, అది మర్యాదలా కాక దూరం పెట్టినట్టు ఉంటుంది.

3 గంటలు కాకముందే డిస్పాచ్ అన్న నుంచి ఏజెంటుకు మెయిల్ వెళ్లింది, "సవరించిన ప్యాకింగ్ లిస్టు జతచేశాను, ఉదయం పంపినది వాడవద్దు" అని ఒక్క వాక్యం. షిప్పింగ్ బిల్లు ఆ సాయంత్రమే పడింది.

ఈ తరహా జవాబు పనిచేయని సందర్భం కూడా ఒకటి ఉంది. లోపల ఏముందో, ఏం కావాలో ఇంత స్పష్టంగా రాశాక కూడా అదే ఫైల్ వస్తే ఇంకో మెయిల్ రాయకూడదు. అప్పుడు సమస్య ఫైల్ దగ్గర లేదు, మన మెయిల్ అతను చదవడం లేదు, లేదా ఎవరో కుర్రాడు అతని ఐడీతో పంపుతున్నాడు. ఫోన్ చేసి, సిస్టమ్ ముందు ఎవరున్నారో అడిగి, ఫైల్ తెరిపించి మొదటి వరుసలో బండిల్ నంబరు ఎంతుందో చదివించుకోవాలి. 31 అని వినిపించాకే జత చేయమనాలి.

ఫ్యాక్టరీలో ఇప్పుడు ప్యాకింగ్ లిస్టుకు ఖాళీ నమూనా ఫైల్ ఒకటి పెట్టారు, పాత లోడును కాపీ చేయడం మానేశారు. మందం, బండిళ్లు, స్లాబులు, మొత్తం చదరపు మీటర్లు నాలుగూ అట్టడుగున కాకుండా మొదటి వరుసలోనే వచ్చేలా మార్చమని మేం అడిగాం. అదింకా అవలేదు.